కరెంటు తక్కువై కాలిన మోటారు

మా స్టాఫ్ రూములో ఇంగ్లీషు చెప్పే సారొకరున్నారు. ఫ్యాను ఆగి ఎవరైనా "కరెంటు పోయింది" అంటే చాలు, "పోయింది కరెంటు కాదండీ, పవరు" అని దిద్దుతారు. తెలుగు మేడమ్ ఇంకో పక్కనుంచి వస్తారు. ఆవిడ లెక్కలో పోయింది రెండూ కాదు, విద్యుత్ సరఫరా. డిప్లొమా పిల్లలకి ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి తీర్పు నన్ను చెప్పమంటారు. ఇద్దరికీ నచ్చని తీర్పే చెబుతాను: పోయింది కరెంటే.

నేనేదో సరదాకి అంటున్న మాట కాదిది. కరెంటు ఇంగ్లీషు నుంచి వచ్చింది, సందేహం లేదు. కానీ వచ్చాక ఇక్కడి పని నేర్చుకుంది, ఇక్కడి క్రియలతో కాపురం పెట్టింది. ఇప్పుడు దాని అర్థమేమిటో ఇంగ్లీషు నిఘంటువుని అడగడం, ఇల్లరికం వచ్చి ముప్పయ్యేళ్లయిన అల్లుడు అన్నంలో ఏం కలుపుకుంటాడో వాళ్ల ఊరికి వెళ్లి అడగడం లాంటిది. అర్థం మారడం ఆ మాట పాడైపోయిందనడానికి గుర్తు కాదు. అది మనదైపోయిందనడానికి అంతకంటే గట్టి రుజువు నాకు కనపడదు.

ముందు ఇంజనీరు లెక్క చెప్పి, తర్వాత ఊరి లెక్క చెబుతాను. చదువుకున్నవాళ్ల భాషలో కరెంటు అంటే తీగలో ప్రవాహం. ఎంత పారుతోందో ఆంపియర్లలో కొలుస్తాం. ఆ ప్రవాహాన్ని తోసే ఒత్తిడి ఓల్టేజి. ఇంటికి 230 ఓల్టులు, పొలం మోటారుకి 415. ఈ రెండూ కలిసి కొంతసేపు చేసిన పని యూనిట్లు. బిల్లు వచ్చేది యూనిట్లకి.

ఇప్పుడు మన మాటలు చూడండి. "ఈ నెల కరెంటు బాగా కాలింది" అంటాం. ఇంగ్లీషు అర్థంతో చూస్తే ఇది శుద్ధ తప్పు. ప్రవాహం కాలదు, ఖర్చవదు. ఒక తీగలోంచి బల్బులోకి ఎంత వెళ్తుందో, రెండో తీగలోంచి అంతా తిరిగి వస్తుంది. బల్బు వాడుకునేది శక్తిని. అయితే "కరెంటు కాలింది" అన్న మనిషి చెబుతున్నదీ శక్తి గురించే, కిరసనాయిలు కాలినట్టు ఏదో ఖర్చయిందనే. ఆయన మాట తప్పు కాదు, ఆయన కరెంటు వేరు. "కరెంటొచ్చింది, పోయింది" అన్నచోట అది సరఫరా. "కరెంటు కొట్టింది" అన్నచోట ప్రాణాలు తీసే వస్తువు. "కరెంటోళ్లు వచ్చి స్తంభం వేసి పోయారు" అన్నచోట ఏకంగా ఒక డిపార్టుమెంటు. "కరెంటు తక్కువగా వస్తోంది, ట్యూబులైటు పట్టుకోవట్లేదు" అంటే ఓల్టేజి. ఇన్ని పనులు చేసే ఈ మాట ఒక్క పని మాత్రం చేయదు, ఇంగ్లీషులో తన సొంత పని. ప్రవాహం ఎంతుందో చెప్పాల్సి వస్తే మెకానిక్కులు కరెంటు అనే అనరు, "ఎన్ని ఆంప్స్ తీసుకుంటోంది?" అంటారు.

ఇది నాకు బాగా పట్టుబడింది కాలేజీలో కాదు, వైండింగ్ షాపులో. వేసవిలో అక్కడ కూర్చుంటే బోరు మోటార్లు ఒకదాని వెనక ఒకటి దిగుతుంటాయి. ఒక రోజు ఒక రైతు ఐదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్‌ని ఆటోలోంచి దింపించాడు.

"అన్నా, మూడు దినాల సంది కరెంటు తక్కువొస్తున్నది. రాత్రి బుంగ్ మని మొత్తుకుని ఆగిపోయింది. కాలినట్టే ఉన్నది."

"ఫేజు పోయిందా, మొత్తానికే తక్కువుండెనా?"

"మొత్తానికే. ఇంట్ల బల్బులు సుత ఎర్రగ ఎలిగినయి."

మెకానిక్ మోటారు విప్పాడు. మూడు ఫేజుల చుట్లూ ఒకే తీరుగా నల్లబడి ఉన్నాయి. "నువ్వన్నదే. తక్కువై కాలింది" అన్నాడు.

నా విద్యార్థి ఎవడైనా ఆ పక్కనే ఉండి ఉంటే ఒప్పుకునేవాడు కాదు. తీగ కాలేది ప్రవాహం ఎక్కువైతే గానీ తక్కువైతే కాదు కదా. నిజమే. నీటిని పైకి తోడే పని తగ్గలేదు, తోసే ఒత్తిడి మాత్రం తగ్గింది. ఆ పని చేయడానికి మోటారు ఎక్కువ ప్రవాహాన్ని లాగుతుంది. ఆ సైజు మోటారు మామూలుగా ఎనిమిది ఆంప్స్ అటూఇటూ తీసుకుంటుంది. ఓల్టేజి బాగా పడిపోతే అది పదీ పదకొండు దాటుతుంది. వేడి ప్రవాహంతో సమానంగా పెరగదు, దాని వర్గంతో పెరుగుతుంది. తీగ మీది పూత కరుగుతుంది, చుట్టుకి చుట్టు తగులుతుంది, అంతే. కాబట్టి ఇంజనీరు రిపోర్టులో "కరెంటు ఎక్కువై కాలింది" అని రాస్తాడు. రైతు "కరెంటు తక్కువై కాలింది" అంటాడు. ఇద్దరూ ఒకే మోటారు గురించి, ఒకే రాత్రి గురించి, అక్షరాలా వ్యతిరేకమైన వాక్యాలు చెబుతున్నారు. రెండూ నిజాలే. ఎందుకంటే ఇందులో ఒక కరెంటు ఇంగ్లీషు మాట, రెండోది తెలుగు మాట.

ఆ మెకానిక్ అడిగిన ప్రశ్న కూడా గమనించండి. ఫేజు పోయిందా, మొత్తానికే తక్కువా? ఈ తేడా ఆయనకి చాలా అవసరం. మూడింటిలో ఒక ఫేజు పోతే మిగిలిన రెండు తీగలూ భారం మోయాలి, వాటిలో ప్రవాహం దాదాపు 1.7 రెట్లవుతుంది. అప్పుడు కొన్ని చుట్లు మాడిపోయి మిగతావి కొత్తగా మెరుస్తూ ఉంటాయి. అన్నీ ఒకేలా మాడితే ఓల్టేజి తగ్గడమో, ఇసుక చేరి పంపు పట్టేయడమో. బల్బులు ఎర్రగా వెలిగాయని రైతు చెప్పిన మాటతో రెండోది పక్కకి పోయింది. "తక్కువ", "ఫేజు పోవడం" అనే రెండు మాటలతో జబ్బు సగం తేలిపోయింది. అర్థం మారిన మాటల్లో కచ్చితత్వం ఉండదనేవాళ్లు ఒక్క పూట ఆ షాపులో కూర్చోవాలి.

ఫేజు ఇంకా దూరం వెళ్లింది. పల్లెలో "త్రీఫేజు ఎప్పుడొస్తది?" అంటే అది తీగల లెక్క కాదు, టైము లెక్క. పొలాలకి సరఫరా ఇచ్చే గంటలని అర్థం. "సింగిల్ ఫేజుంది" అంటే ఇంట్లో బల్బు వెలుగుతుంది, మోటారు తిరగదు అని. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక ఆ గంటలు ఎన్ని, పగలా రాత్రా అనేదే ఊరి మాట అయింది. అలా మూడు తీగల పేరు ఒక వేళ పేరుగా మారింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక ఆ ప్రశ్న అడిగే అవసరం తగ్గింది. ఇప్పటి పిల్లలకి ఆ అర్థం తెలియకపోవచ్చు. మాటలకి అర్థాలు రావడమే కాదు, పోవడం కూడా మన కళ్లముందే జరుగుతుంది.

ఇక ఫ్యూజు సంగతి. అది ఊళ్లోకి వచ్చి ఫీజు అయింది. "ఫీజు ఎగిరిపోయింది" అన్న తండ్రినీ "ఫీజు కట్టాలి" అన్న కొడుకునీ విని ఎవరూ తికమక పడరు, వాటి క్రియలు వేరు కాబట్టి. (ఫీజు బదులు లావుపాటి రాగి తీగ చుట్టేవాళ్లు మాత్రం రెండో రకం ఫీజు వైండింగ్ షాపులో కడతారు.)

ఇదంతా ఇంగ్లీషుతోనే మొదలైన తెగులని వాపోయేవాళ్లకి ఒక్క మాట. ఖరీదు అనే మాట చూడండి. పారశీకంలో దానర్థం కొనడం. హిందీలో ఇప్పటికీ అంతే. మన దగ్గర అది వెల అయింది, అక్కడితో ఆగక "ఖరీదైన" అయి ఎక్కువ వెల అనే అర్థం తెచ్చుకుంది. రాజీనామా అంటే పుట్టుకతో ఒప్పుకోలు పత్రం. మనం మాత్రం రాజీ పడనివాడే రాజీనామా చేస్తాడంటాం. సంస్కృతాన్నీ వదల్లేదు. అవసరం అంటే అక్కడ సమయం, సందర్భం. మన దగ్గర అది కావలసినతనం. ఇంగ్లీషు సారు గానీ తెలుగు మేడమ్ గానీ "ఖరీదు కాదు, వెల" అని ఎవర్నీ దిద్దగా నేను చూడలేదు. ఖరీదుకి వయసుంది కాబట్టి గౌరవం, కరెంటుకి లేదు కాబట్టి బెత్తం. వాదనలో ఇంతకు మించి పస లేదు.

బ్రౌన్ దొరకి ఈ విషయం తెలుసు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేశాక, 1854లో ఆయన ఇంకో పుస్తకం తెచ్చాడు. తెలుగులో వాడే అన్యదేశ్యాలకీ మిశ్రభాషకీ విడిగా ఒక నిఘంటువు. కచేరీల్లో, దస్తావేజుల్లో నడిచే మాటలు తెలియకపోతే ఇక్కడ ఏ పనీ జరగదు. ఆ మాటలు ఉండాలా వద్దా అని తగువు పెట్టుకోవడం కంటే, ఉన్నాయి కాబట్టి ఇక్కడ వాటికేం అర్థమో రాసిపెట్టడం మేలని ఆయన చూపించాడు.

అలా రాసిపెట్టడం ఎంత కష్టమో తెలియాలంటే కవరు తీసుకోండి. ఉత్తరం పెట్టుకునేది కవరు. ఇది మన తప్పని చాలామంది అనుకుంటారు, కానీ ఇంగ్లీషువాళ్ల తపాలా భాషలోనే ఆ అర్థం ఉంది. స్టాంపులు సేకరించేవాళ్లు ఇప్పటికీ ఫస్ట్ డే కవర్ అనే అంటారు. వాళ్లింట్లో మూలకి చేరిన అర్థాన్ని మనం హాల్లో కూర్చోబెట్టాం, అంతే. పోస్టాఫీసులో కార్డు, ఇన్‌లాండు, కవరు అని మూడు మెట్లుండేవి. గుట్టు ఎంత ఎక్కువైతే అంత పై మెట్టు.

ఉత్తరాలు తగ్గాయి, కవరు తగ్గలేదు. కూరగాయల బండి దగ్గర "కవరుందా?" అంటే పల్చటి ప్లాస్టిక్ సంచి. కర్రీ పాయింటులో సాంబారు కట్టిచ్చేదీ కవరే. పెళ్లిలో వెయ్యిన్నూటపదహార్లు పెట్టి చేతికిచ్చేది మళ్లీ కాగితం కవరు. ప్రెస్ మీట్ అయ్యాక కొందరికి అందిందని చెప్పుకునేదీ కాగితానిదే గానీ దాని గురించి గట్టిగా మాట్లాడరు. బోర్డుల మీద "ప్లాస్టిక్ సంచులు నిషేధం" అని రాస్తారు. కొట్టువాడు దాన్ని చదివి "కవర్లు బంద్ చేశారండీ" అని మనకి చెబుతాడు. సంచి అంటే ఇంటినుంచి తెచ్చుకునేది, మళ్లీ మళ్లీ వాడేది. కవరు అంటే అక్కడే ఇచ్చేది, పారేసేది. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల లోపు మందం ఉన్న క్యారీ బ్యాగులు కుదరవన్నారు. అంటే ప్రభుత్వం ఆపాలనుకున్నది సరిగ్గా మన కవర్లనే. బోర్డు మీద "పల్చటి కవర్లు ఇవ్వకూడదు" అని రాసి ఉంటే విషయం ఇంకా సూటిగా తగిలేది.

కవరింగు దీని చెల్లెలు. చిలకలపూడి కవరింగు నగలంటే పైన బంగారు పూత. "కవరింగివ్వకు" అంటే దొరికిపోయాక సర్దిచెప్పుకోకు అని. రెండు చోట్లా లోపలి సరుకు వేరే కావడం నాకెప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

మిగతావాటిని త్వరగా దాటేస్తాను. ఫీలవడం అంటే బాధపడటమే, సంతోషంగా ఎవరూ ఫీలవరు. రిపేరు మరీ విచిత్రం. "ఫ్యానుకి రిపేరొచ్చింది, రిపేరు చేయించాలి" అంటాం. జబ్బుకీ మందుకీ ఒకటే పేరు. అయినా రావడం, చేయించడం అనే క్రియలు రెండు అర్థాలనీ విడదీసి నిలబెడతాయి.

ఇంతవరకూ నా పక్షం బాగానే ఉంది. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, ఒకే గదిలో రెండు భాషల కరెంట్లు కూర్చున్నప్పుడు. మా తరగతి గది అలాంటిదే. పిల్లవాడు పదేళ్లుగా ఇంట్లో వాడిన మాటనే నేను బోర్డు మీద ఇంకో అర్థంతో రాస్తాను. వాడు అర్థమైందనే అనుకుంటాడు, అదే చిక్కు. తెలియని మాటైతే అడిగేవాడు, తెలిసిన మాట కాబట్టి అడగడు. "కరెంటు ఖర్చవదు" అని చెబితే నోట్సులో రాసుకుంటాడు, ఇంటికెళ్లి బిల్లు కడతాడు, రెండూ తలలో వేర్వేరు అరల్లో ఉండిపోతాయి. తెలుగు మీడియం పుస్తకం ఇక్కడ నిజంగా మేలు చేసింది, అందులో విద్యుత్ ప్రవాహం అని ఉంటుంది. ఇంట్లో మాటతో దానికి పోటీ లేదు. మేడమ్‌కి నేను మార్కులిచ్చేది ఇక్కడే. ఇంటి మాటని తీసేయడానికి కాదు, పాఠంలో దానితో గుద్దుకోకుండా ఉండటానికి విద్యుత్ ప్రవాహం కావాలి.

తరగతి గదిలో పోయేవి మార్కులు. ఆసుపత్రిలో అంతకంటే పెద్దవి పోతాయి. మా వదిన స్టాఫ్ నర్సు, ఈ విషయంలో నాకంటే పెద్ద పండితురాలు. "మోషన్ అయిందా అమ్మా?" అని ఆవిడ అడిగితే మామూలు ప్రశ్న. "మోషన్స్ అవుతున్నాయా?" అంటే విరేచనాలు పట్టుకున్నాయా అని. ఒక్క బహువచనంతో ఆరోగ్యం జబ్బైపోయింది. ఈ తేడా వార్డులో ఆయాకి తెలుసు, రోగికి తెలుసు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన జూనియర్ డాక్టరుకి ఒకరు చెప్పాలి.

షుగరుతో గొడవ లేదు. టీలో వేసేది చక్కెరో పంచదారో, ఒంట్లో ఉండేది షుగరు, చక్కగా పంచుకున్నాం. కానీ అదే ఇంట్లోవాళ్లు "షుగరున్న మనిషికి గ్లూకోజెక్కిస్తారా!" అని వదిన మీద కేకలేస్తారు. మన దగ్గర స్టాండుకి వేలాడే సీసా ఏదైనా గ్లూకోజే. చాలాసార్లు అందులో ఉండేది నూరు మిల్లీలీటర్లకి గ్రాముకి కొంచెం తక్కువ ఉప్పు కలిపిన నీళ్లు. చక్కెర చుక్క ఉండదు. ఆవిడ సీసా తిప్పి లేబులు చూపిస్తుంది. చదవడం రానివాళ్లకి "ఉప్పు నీళ్లమ్మా" అంటుంది. కేకలు ఆగుతాయి.

అసలు భయపడాల్సిన మాట గ్యాసు. వంటింట్లో సిలిండరు సంగతి కాదు, "గ్యాసు పట్టేసింది" అన్నప్పటి గ్యాసు. కడుపుబ్బరం, పుల్లటి తేన్పు, గుండెల్లో మంట, ఛాతీలో బిగుతు, వీపులో పోటు, అన్నీ ఆ ఒక్క మాటలో దూరిపోయాయి. కరెంటులో ఎన్ని అర్థాలున్నా పక్కనున్న క్రియ వాటిని విడదీస్తుంది. గ్యాసులో ఆ వెసులుబాటు లేదు, అన్నిటికీ పట్టేయడమే. పైగా ఈ మాట జబ్బు పేరుతో పాటు కారణాన్నీ ముందే చెప్పేస్తుంది. రాత్రి తిన్న బజ్జీల వల్ల గ్యాసు అనుకున్నాక సోడా తాగుతాం, బిళ్ల మింగుతాం, తెల్లారనిస్తాం. గుండెపోటు అలా తెల్లారనిచ్చేది కాదు. షుగరున్నవాళ్లకి నొప్పి అంత తీవ్రంగా తెలియకపోవచ్చు కాబట్టి వాళ్ల "గ్యాసు" ఇంకా మోసం చేస్తుంది.

అలాగని ఆ మాట వాడొద్దంటే ఎవరూ వినరు, వినాల్సిన పనీ లేదు. వదిన చేసేదే సరైన పని. గ్యాసని ఎవరైనా వస్తే, అది గ్యాసు కాదని వాదించదు. "ఎక్కడ పట్టింది? చేత్తో చూపించు" అంటుంది. రోగి అరచేయి బొడ్డు మీద కాకుండా ఛాతీ మధ్యలో పడితే, చెమటలు పట్టాయా, ఎడమ చేతిలోకో దవడలోకో లాగుతోందా అని అడుగుతూనే ఈసీజీ మిషను తెప్పిస్తుంది. మోటారు విప్పే ముందు "ఫేజు పోయిందా, మొత్తానికే తక్కువా" అని అడిగిన మెకానిక్ చేసింది కూడా ఇదే. వాడుకలో ఉన్న మాటని గౌరవించి, దాని పక్కన రెండో ప్రశ్న వేయడం.

నాకు కావలసిన నిఘంటువు కూడా అలాంటిదే. కరెంటు దగ్గర "విద్యుత్తు" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే సరిపోదు. పోవడం, కాలడం, కొట్టడం, తక్కువ రావడం అని క్రియల వారీగా అర్థాలు విడగొట్టాలి. చివర్న, ఆంపియర్ల అర్థం తెలుగు వాడుకలో లేదని ఒక గమనిక ఉండాలి. గ్యాసు దగ్గర ఏయే నొప్పుల్ని కలిపేస్తుందో రాసి, ఛాతీ అర్థం ముందు ఒక హెచ్చరిక గుర్తు పెట్టాలి. పవరు దగ్గర మాత్రం కాస్త తగువు తప్పదు. మొన్నటిదాకా అది కళ్లద్దాల నంబరు, మందుబిళ్ల ఘాటు, రాజకీయ నాయకుడి పలుకుబడి. ఇప్పుడు మా డిప్లొమా పిల్లలు "సార్, పవర్ పోయింది" అంటున్నారు. ఎందుకురా అని అడిగితే, కరెంటంటే మరీ ఊరి మాటలా ఉంటుంది సార్ అన్నాడొకడు.